మొదటిసారి షెడ్డు పెట్టినవాళ్ళు అసోసియేషన్‌లో చేరాలా, ముందు గురువుని వెతుక్కోవాలా?

చర్లపల్లి_మిల్లింగ్
అందరికీ నమస్కారం. పదకొండేళ్ళు ఒక కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేసి, ఎనిమిది నెలల కింద చర్లపల్లిలో అద్దె షెడ్డు తీసుకుని లోహపు భాగాలు కోసే ఒక వీఎంసీ మెషిన్ పెట్టాను. జాబ్ వర్క్ చేస్తాను. మా ఇంట్లో వ్యాపారం చేసినవాళ్ళు ఎవరూ లేరు. పని వస్తోంది, మెషిన్ రెండు షిఫ్టులు తిరుగుతోంది, అయినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పేవాళ్ళు లేరు.

ఇప్పుడు రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి మా ఏరియా ఇండస్ట్రీస్ అసోసియేషన్‌లో మెంబర్‌షిప్. రెండోది వారానికోసారి పొద్దున్నే ఏడింటికి హోటల్‌లో కలిసి ఒకరికొకరు రెఫరెన్సులు ఇచ్చుకునే సర్కిల్. రెండో దాని ఫీజు చాలా ఎక్కువ. రెండూ కట్టే స్తోమత లేదు. ఏది మేలు? మీకు గురువు అనదగ్గ మనిషి ఎలా దొరికారు?

గుంటూరు_కారప్పొడి
తమ్ముడూ, లోన్ కోసమైతే అసోసియేషన్ల దాకా వెళ్ళొద్దు. నేను పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ లోన్ పథకం కింద పెట్టుకున్నాను. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే ఏ కాగితాలు కావాలో వాళ్ళే చెప్తారు.

చర్లపల్లి_మిల్లింగ్
లోన్ వచ్చేసింది అక్కా, ఈఎంఐ కూడా మొదలైంది. నాకు కావలసింది దారి చెప్పే మనిషి.

ప్రింటింగ్_బెజవాడ
నేను అలాంటి పొద్దుటి సర్కిల్‌లో నాలుగేళ్ళుగా ఉన్నాను. ఒక వృత్తికి ఒక్కరికే సీటు. మా గ్రూపులో ప్రింటింగ్ నేనొక్కడినే కాబట్టి పెళ్ళికార్డుల నుంచి అట్టపెట్టెల దాకా అన్నీ నా దగ్గరికే వస్తాయి. కట్టిన ఫీజు మొదటి ఏడాదే తిరిగొచ్చింది. కళ్ళు మూసుకుని చేరండి.

బాలానగర్_టూల్‌రూమ్
ప్రింటింగ్ గారూ, మీకు పని చేసింది నిజమే. మీ సరుకు ఆ గదిలో ఉన్న ముప్పై మందికీ కావాలి, వాళ్ళ చుట్టాలకీ కావాలి. ఈ తమ్ముడి సరుకు కొనేది ఏదో ఫ్యాక్టరీలో పర్చేజ్ ఆఫీసర్. డ్రాయింగ్ పంపి, శాంపిల్ చూసి, ఇన్‌స్పెక్షన్‌లో పాసైతేనే ఆర్డర్ ఇస్తాడు. ఆ సర్కిల్‌లో ఇన్సూరెన్స్ ఆయన, ఇంటీరియర్ ఆయన, ఆడిటర్ గారు ఉంటారు. వాళ్ళలో ఎంతమందికి మిల్లింగ్ పని పడుతుంది?

తమ్ముడూ, డబ్బు కట్టకముందు అతిథిగా ఒకసారి వెళ్ళు. ఆ గదిలో నీ బిల్లు ఎవరి పేరు మీద పడుతుందో ఒక్కొక్కరినీ చూసి లెక్కపెట్టు. ముగ్గురు కూడా తేలకపోతే ఆ డబ్బుతో మంచి కొలత పరికరం కొనుక్కో.

నాది ఈ ఫీల్డులో ఇరవై రెండేళ్ళ అనుభవం. ఏరియా అసోసియేషన్ మాత్రం వేరే సంగతి. అది ఆర్డర్లు తెచ్చిపెట్టదు, తెస్తుందని చేరితే ఆరు నెలల్లో మనసు విరిగిపోతుంది. అది పనికొచ్చేది మనం ఒంటరిగా అడిగితే ఎవరూ పలకని చోట. ఫీడర్‌లో కరెంట్ పదేపదే పోతుంటే ఒక్కడు ఫోన్ చేస్తే లైన్‌మన్ దాకానే వెళ్తుంది, నలభై షెడ్ల తరఫున లెటర్‌హెడ్ మీద రాస్తే కరెంట్ ఆఫీసు డీఈ పిలిచి మాట్లాడతారు. రోడ్డు, డ్రైనేజీ, ఆస్తిపన్ను సంగతులు మన ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఐలా అనే స్థానిక అథారిటీ చూస్తుంది. ఆ కమిటీలో పరిశ్రమల తరఫున కూర్చునేది అసోసియేషన్ వాళ్ళే.

చేరే ముందు ఆఫీసుకి వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగు. పోయిన ఏడాది జనరల్ బాడీ మీటింగ్ ఎప్పుడు జరిగింది, ఆడిట్ చేసిన లెక్కలు చూపిస్తారా, ఈ మధ్య పంపిన సర్క్యులర్ ఏమిటి. మెంబర్లకి చూపించడానికి తటపటాయిస్తే అది పదవుల కోసం నడిచే సంఘమని అర్థం. మామూలుగా ఉద్యమ్ సర్టిఫికెట్, జీఎస్టీ, అద్దె అగ్రిమెంట్ అడుగుతారు. పాత మెంబర్ ఒకరు ప్రపోజ్ చేయాలి, ఇంకొకరు బలపరచాలి అంటారు. ఆ ఇద్దరి సంతకాల కోసం పక్క షెడ్లకి వెళ్తావు చూడు, అసలు పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

సనత్‌నగర్_ఫ్యాబ్
అసోసియేషన్‌లో లేకపోతే ఇంకో నష్టం ఉంది బ్రదర్. పార్టీ డబ్బు ఎగ్గొడితే కేంద్ర ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో కేసు వేయడానికి అసోసియేషన్ లెటర్ ఉండాలి. నలభై ఐదు రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో సహా వాళ్ళే ఇప్పిస్తారు.

బాలానగర్_టూల్‌రూమ్
ఇందులో సగమే నిజం. ఆ పోర్టల్‌లో వేయడానికి ఉద్యమ్ నంబర్ చాలు, ఏ సంఘం లెటరూ అక్కర్లేదు. నలభై ఐదు రోజులన్నది కాగితం మీద రాసుకున్న గడువుకి పై హద్దు. ఏమీ రాసుకోకపోతే చట్టం పదిహేను రోజులే అంటుంది. వడ్డీ నిజంగానే గట్టిది. ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. కానీ ఇప్పించేది అసోసియేషన్ కాదు, రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఫెసిలిటేషన్ కౌన్సిల్. ముందు రాజీకి పిలుస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్. టైమ్ పడుతుంది.

చాలామంది ఆ కేసు వేయరు కూడా. వేస్తే ఆ కస్టమర్ మళ్ళీ రాడని భయం. సంఘంలో సీనియర్ ఉపయోగపడేది ఇక్కడే. ఆ కంపెనీ అకౌంట్స్‌లో ఎవరు ఏ తారీఖున పేమెంట్లు పాస్ చేస్తారో, ఏ కాగితం లేదని మన బిల్లు పక్కన పెట్టారో ఆయనకి తెలుస్తుంది. నాకు ఒకసారి మూడు నెలలు ఆగిన బిల్లు, డెలివరీ చలాన్ మీద గేటు ముద్ర లేదన్న ఒక్క కారణంతో ఆగిందని అలాగే తెలిసింది.

సనత్‌నగర్_ఫ్యాబ్
లెటర్ సంగతి మా ఆడిటర్ చెప్పింది నమ్మేశాను అన్నా. సరిచేసినందుకు థ్యాంక్స్.

జీడిమెట్ల_రెండుషిఫ్టులు
తమ్ముడూ, నీ పోస్టు చదివితే ఆరేళ్ళ కింద నేనే గుర్తొచ్చాను. గురువు ఎట్ల దొరికిండో చెప్తా.

మొదట్ల నేను పెద్దోళ్ళ దగ్గరికి పోయి "నాకు గైడ్ చెయ్యండి సార్" అని అడిగేటోణ్ణి. చాయ్ తాగించి, కష్టపడు బాబూ అని పంపించేటోళ్ళు. వాళ్ళ తప్పు లేదు, ఏం చెప్పాల్నో వాళ్ళకి ఎట్ల తెలుస్తది? ఒకరోజు నాకు మెషిన్ల కట్ చేసే ఇన్సర్టులు అమ్మే సేల్స్ అబ్బాయిని అడిగిన, "నువ్వు తిరిగే షెడ్లల్ల లెక్క పక్కాగ ఉన్నది ఎవరిది?" అని. ఈ టూలింగ్ అమ్మేటోళ్ళు దినాం పది షెడ్లు తిరుగుతరు. ఎవడు డబ్బు టైముకి కడతడో, ఎవడి దగ్గర స్క్రాప్ ఎక్కువ పోతదో వాళ్ళకి ఎరుకే. ఆ అబ్బాయి ఒక ప్రభుత్వరంగ కంపెనీల క్వాలిటీల రిటైరైన సార్ పేరు చెప్పిండు. ఆ సార్ రెండు షెడ్లకి వారానికోసారి వచ్చి చూస్తుండె.

ఈసారి గైడ్ చెయ్యమని అడగలే. మూడు నెలల బిల్లులు, కరెంట్ బిల్లు, జీతాల పుస్తకం పట్టుకపోయి, "గంటకి 380 కోట్ చేస్తున్న, ఎందుకు మిగుల్తలేదో అరగంట చూడండి సార్" అన్న. సార్ అరగంట అన్నది మూడు గంటలైంది.

ఆయన నెల ఖర్చు రాయించిండు. ఈఎంఐ 45,600. ఇద్దరు ఆపరేటర్లు 44,000. షెడ్డు 18,000. కరెంట్ 16,000. టూల్స్, కూలెంట్ 20,000. మొత్తం 1,43,600. నెలకి 26 రోజులు, దినానికి 16 గంటలు, అంటే 416 గంటలు. భాగిస్తే గంటకి 345 పడ్డది. నేను సంబరపడ్డ, 35 రూపాయలు మిగుల్తున్నయి కదా అని. సార్ నవ్వలే. "మెషిన్ నిజంగ కట్ చేసిన గంటలు ఎన్ని?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఒక నోట్‌బుక్ మెషిన్ పక్కన పెట్టించి, నెల దినాలు ఆపరేటర్ తోని రాయించమన్నడు.

నెల తర్వాత చూస్తే కట్టింగ్ 270 గంటలే. మిగిలిన 146ల సెట్టింగుకి 90 పోయినయి, ఇన్‌స్పెక్షన్ కోసం, మెటీరియల్ కోసం ఆగినవి 35, కరెంట్, రిపేర్ 21. నేను బిల్లు వేసేది కట్టింగ్ టైముకే. అంటే నా గంట ఖర్చు 532, నేను అమ్మేది 380కి!

రేటు 532 చెప్తే ఎవడూ ఇయ్యడు, మార్కెట్ల నడవదు. సార్ చెప్పిన ఉపాయం, సెట్టింగుని వేరే లైన్ల కోట్ చెయ్యి. 270కి 90 కలిపితే 360 గంటలకి బిల్లు పడ్తది, అప్పుడు గంట ఖర్చు 399. పది పీసుల బ్యాచ్‌కి మూడు గంటల సెట్టింగ్ అయితదని కస్టమర్‌కి కాగితం మీద చూపిస్తే, ఇద్దరు ఒప్పుకున్నరు, ఒకరు బ్యాచ్ నలభైకి పెంచిండ్రు. ఒకరు మాత్రం వెళ్ళిపోయిండ్రు. ఆయన పని నేను నష్టానికే చేస్తున్ననని అప్పుడు తెల్సింది.

చర్లపల్లి_మిల్లింగ్
అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నేను కోట్ చేసేది 370. సెట్టింగ్ ఎప్పుడూ వేరుగా వేయలేదు. ఆ సార్‌కి మీరు ఏమైనా ఇస్తారా? డబ్బు ఇవ్వాలా, వద్దా అన్నది నాకు పెద్ద ఇబ్బంది.

జీడిమెట్ల_రెండుషిఫ్టులు
మొదటి ఏడాది తీసుకోలే. రెండో ఏడాది నెలకి ఇంత అని నేనే అడిగి ఇచ్చిన. ఇస్తేనే నాకు ఫోన్ చెయ్యబుద్ధి అయితది.

కూకట్‌పల్లి_గ్యాస్కెట్
నేను ఇక్కడే దెబ్బతిన్నాను, అందుకే రాస్తున్నా. నాకు గురువుగా దొరికిన ఆయన నా లైన్‌లోనే యూనిట్ నడిపేవారు. ఏడాది తర్వాత పది శాతం వాటా అడిగారు. ఒప్పుకోలేదు. నా ఇద్దరు కస్టమర్లు ఆయన దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ పేర్లు, రేట్లు నేనే ఆయనకు చెప్పాను. ఒకే కస్టమర్‌కి సరుకు వేసేవాళ్ళకి మీ కోట్లు చూపించకండి. సలహాకి డబ్బు ఇవ్వండి, వాటా ఇవ్వకండి.

బాలానగర్_టూల్‌రూమ్
ఈ ఒక్క మాట నేను పూర్తిగా ఒప్పుకోలేను అమ్మా. మీకు జరిగింది అన్యాయమే. కానీ నాకు పెద్ద మెషిన్ లేని రోజుల్లో పని పంచి ఇచ్చింది నా పోటీదారుడే. ఇప్పటికీ నా దగ్గర గ్రైండింగ్ ఎక్కువైతే ఆయనకి పంపుతాను. రేట్లు దాచుకోవాలి, నిజమే. మనిషినే దూరం పెడితే ఈ పనిలో బతకడం కష్టం.

గుంటూరు_కారప్పొడి
ఇందాక ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాను తమ్ముడూ. నా సంగతి ఇప్పుడు పనికొస్తుందేమో. లోన్‌కి ముందు ట్రైనింగ్ తప్పనిసరి అన్నారని ఏదో సర్టిఫికెట్ కోసం కూర్చున్నాను. అక్కడ నాతో కూర్చున్న ఐదుగురం ఇప్పటికీ నెలకోసారి కలుస్తాం. ఒకామె బేకరీ, ఒకాయన పేపర్ ప్లేట్లు. ఒకరి లైన్ ఒకరికి తెలియదు కాబట్టే దాపరికం లేకుండా లెక్కలు చెప్పుకుంటాం. నా ప్యాకింగ్ కవర్ ఖర్చు ఎక్కువని పట్టుకున్నది ఆ పేపర్ ప్లేట్ల ఆయనే. మీ బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ ఉంది కదా, 1968 నుంచి నడుస్తోందట. మా బావగారబ్బాయి అక్కడ చదివాడు. అలాంటిచోట చిన్న కోర్సుకి కూర్చున్నా నీలాంటివాళ్ళు నలుగురు కలుస్తారు. ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే గాజులరామారంలో ఎలీప్ వాళ్ళ ఎస్టేట్ చూసి రండి, 1993 నుంచి ఉన్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం.

చర్లపల్లి_మిల్లింగ్
అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దుటి సర్కిల్‌కి అతిథిగా ఒక్కసారి వెళ్ళి తలలు లెక్కపెట్టి వస్తాను, డబ్బు మాత్రం ఇప్పుడే కట్టను. అసోసియేషన్ ఫారం తెచ్చుకున్నాను. ప్రపోజర్‌గా పక్క షెడ్డు హీట్ ట్రీట్‌మెంట్ ఆయన్ని అడిగితే వెంటనే సంతకం పెట్టారు, బలపరిచేవాళ్ళు ఇంకా దొరకాలి.

నోట్‌బుక్ ఈ రోజు రాత్రి షిఫ్ట్ నుంచే మెషిన్ పక్కన పెట్టాను. ఒక్క అనుమానం జీడిమెట్ల అన్నా. మొదటి పీసు ఇన్‌స్పెక్షన్‌కి పోయి వచ్చేదాకా మెషిన్ ఆగుతుంది కదా, ఆ టైమ్ సెట్టింగ్ కింద రాయించాలా, ఆగిన గంటల కింద రాయించాలా?

జీడిమెట్ల_రెండుషిఫ్టులు
నేను సెట్టింగ్ కింద రాయించిన. సార్ మాత్రం నోట్‌బుక్ల వేరే కాలమ్ పెట్టమన్నడు, అది కస్టమర్ ఇన్‌స్పెక్టర్ వల్ల ఆగిందా మన వల్ల ఆగిందా తెలియాలని. వేరేగనే రాయించు. నెల అయినంక ఆ పేజీలు ఇక్కడ పెట్టు, చూద్దాం.