అప్‌డేట్: ప్రోస్టేట్ మాత్రతో వీర్యం ఆగిపోయిన సంగతి తేలింది

నా పాత ప్రశ్న: "వయసు 58. ప్రోస్టేట్ మాత్ర మొదలెట్టిన వారం నుంచి స్తంభన బాగానే ఉంది గానీ చివర్లో చుక్క రావట్లేదు. కోరికా తగ్గింది. నరాలు దెబ్బతిన్నాయా?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు మాత్ర పేరు చూడండి" అన్నవారి మాటే నిజమైంది. పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లి యూరాలజిస్టుకి చూపించాను. అట్ట తిప్పి చూడగానే ఆయన నవ్వేశారు. సిలోడోసిన్ 8 ఎంజీ. మూత్రం దారిని వదులు చేసే ఈ మందు, వీర్యాన్ని ముందుకు నెట్టే కండరాల్నీ సడలించేస్తుందట. హాని లేదు, మందు ఆగితే తిరిగి వస్తుందన్నారు.

ఆల్ఫుజోసిన్ 10 ఎంజీకి మార్చారు, రోజూ రాత్రి భోజనం అవగానే వేసుకోమన్నారు. ఐదో రోజుకి కొంచెం, రెండు వారాలకి దాదాపు మునుపటిలా వచ్చింది. మొదట్లో మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగాయి, అంతే.

కోరిక సంగతి వేరు. రాత్రి నాలుగుసార్లు లేచేవాణ్ని, నిద్రే లేదు, ఇక కోరికెక్కడిది! ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నాను, కోరికా మెరుగైంది. ప్రోస్టేట్ వాపుని తగ్గించే డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్రయితే కోరికనీ స్తంభననీ కూడా తగ్గించొచ్చట, నాకది రాయలేదు. నేను భయపడి చేయించుకున్న షుగరు, టెస్టోస్టిరాన్ పరీక్షలు రెండూ నార్మలే.