అప్‌డేట్: ఉడికించిన గుడ్డులో పచ్చసొన ముద్దపాకంలా రావడం గురించి

నేను అడిగింది: "గుడ్డు ఒకరోజు జారుగా, ఒకరోజు పిండిలా వస్తోంది. మధ్యస్థంగా రావాలంటే ఎన్ని నిమిషాలు ఉడికించాలి?"

చెప్పినవాళ్లందరికీ థాంక్సండీ, కుదిరింది. తప్పు గుడ్లను చన్నీళ్లలో వేసి పొయ్యి వెలిగించడంలోనే ఉంది. మా అమలాపురం ఇంట్లో గ్యాస్ మంట ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. నీళ్లు కాగేసరికి లోపల ఎంత ఉడికిందో లెక్క తేలేది కాదు.

ఆదివారం నీళ్లు మరిగించి, సన్న బుడగలు లేచేంతగా మంట తగ్గించాను. ఫ్రిజ్‌లోంచి తీసిన మూడు మామూలు సైజు గుడ్లను గరిటెతో మెల్లగా దించి ఫోన్‌లో టైమర్ పెట్టాను. ఆరున్నర నిమిషాలకు తీసినదానిలో తెల్లసొన గట్టిపడింది, పచ్చసొన మాత్రం అన్నంలోకి జారిపోయింది. ఎనిమిదికి తీసినది కోస్తే చుట్టూ గట్టిపడి, నడుమ నారింజ రంగులో మెరుస్తూ కత్తికి అంటుకుంది. నాకు కావలసింది అదే! పన్నెండుకు తీసినది లోపలిదాకా గట్టిపడింది, పులుసులోకి అదే బాగుంటుంది.

వేడి పైనుంచి లోపలికి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి నడిమి భాగం చివర్న గట్టిపడుతుంది. తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. ఇంకో ఎనిమిది నిమిషాల గుడ్డును పళ్లెంలో వదిలేస్తే, పెంకులోని వేడికే నడుమ బాగా బిగిసిపోయింది. బయట ఉంచిన గుడ్డయితే అర నిమిషమో, నిమిషమో తగ్గించండి.