అప్‌డేట్: కొబ్బరి లోడ్ల బిల్లుపై డీజిల్, సీజన్ సర్‌ఛార్జీ

నా ప్రశ్న: అంబాజీపేట నుంచి కొబ్బరి లోడ్లు పంపుతాం. దసరా సీజన్‌లో బిల్లు పెరిగితే షావుకార్లు నొచ్చుకోకుండా ముందుగా ఎలా చెప్పాలి?

మీలో ఒకరు సూచించినట్లు, శాతాలను పక్కనపెట్టి లీటర్లలో లెక్క చూపించాను. హైదరాబాద్‌కు రానుపోను సుమారు 900 కిలోమీటర్లు, మా లారీ లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తుంది కనుక 200 లీటర్లు పడుతుంది. ఒప్పందంలో మూల ధర 95 రూపాయలని రాసుకున్నాం. ప్రతి నెల 1వ తేదీన బంకు ధర 98 ఉంటే 600 రూపాయలు కలుస్తాయి, 92కు దిగితే అంతే తగ్గుతాయి. తగ్గింపు కూడా కాగితం మీద ఉండటమే వారికి నమ్మకం కలిగించిందని నా అభిప్రాయం.

సీజన్ సర్‌ఛార్జీ దగ్గరే అసలు చర్చ జరిగింది. అది 8 శాతం. అయితే 40,000 రూపాయల మూల కిరాయిపైనా, డీజిల్ కలిపిన 40,600పైనా అని ఒక షావుకారు అడిగారు. మూల కిరాయిపైనే, అంటే 3,200 రూపాయలే అని స్పష్టంగా రాశాం. బిల్లు తేదీ కాక లోడింగ్ తేదీయే ప్రమాణమని కూడా చేర్చాం, ఎందుకంటే సీజన్‌కు ముందురోజు ఎక్కిన సరుకుకు బిల్లు తరువాత వెళ్లినప్పుడే వివాదాలు ఎక్కువగా వస్తాయి.

ఇప్పుడు బిల్లులో కిరాయి, డీజిల్, సీజన్ మూడు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. రేటు పత్రాన్ని సీజన్‌కు నెల ముందే వాట్సాప్‌లో పంపి, అందినట్లు జవాబు తీసుకుంటున్నాం.