కెమెరా ముందు రాసినంత మాత్రాన సొంతంగా రాసినట్టేనా?

మద్దిలపాలెం లెక్చరర్:
ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ వ్యాస పరీక్షకి వెబ్‌క్యామ్, స్క్రీన్ రికార్డింగ్ రెండూ పెడితే, ఆ వ్యాసం ఆ విద్యార్థే సొంతంగా రాశాడని సంతకం పెట్టి చెప్పగలమా?

సీతమ్మధార:
ఎందుకు చెప్పలేం సార్? లాక్‌డౌన్ బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్ తెరుచుకోదు, కాపీ పేస్ట్ పని చెయ్యదు, మొదట్లోనే గదంతా కెమెరా తిప్పి చూపించమంటారు. పదే పదే పక్కకి చూస్తే ఫ్లాగ్ పడుతుంది. ఇంక ఎక్కణ్ణుంచి తెస్తాడు?

గాజువాక:
నేను రెండేళ్లు ఈ రికార్డింగులు చూసే పని చేశాను. బ్రౌజర్ గురించి మీరన్నది నిజమే, కానీ అది తాళం వేసేది ఆ ఒక్క కంప్యూటర్‌కేనండీ. స్క్రీన్ కింది అంచుకి ఫోన్ ఆనించి నిలబెడితే చూపు స్క్రీన్ మీద ఉన్నట్టే కనిపిస్తుంది. గది చూపించడం అయ్యాక ఎవరైనా వచ్చి ల్యాప్‌టాప్ వెనక నిలబడితే కెమెరాకి తెలియనే తెలియదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వాళ్లు 2021లో ఇలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి చూశారు. 30 మంది విద్యార్థుల్లో 6 మందిని కావాలనే కాపీ కొట్టమన్నారు. ఆ ఆరుగురిలో ఒక్కరికీ ఫ్లాగ్ పడలేదు, మనిషి విడిగా చూస్తే ఒక్కరు దొరికారు.

పెందుర్తి:
ఇంత గొడవ ఎందుకండీ, ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌లో వేసి శాతం చూసుకుంటే సరిపోదా?

గాజువాక:
అది వేరే సంగతి. ఇదివరకే ఎక్కడో ఉన్న వాక్యం అయితే అది పట్టుకుంటుంది. అన్నయ్య పక్కన కూర్చుని అప్పటికప్పుడు చెప్తుంటే తమ్ముడు టైపు చేసిన వ్యాసం ఎక్కడా ఉండదు కదా, శాతం సున్నా వస్తుంది.

ఎంవీపీ కాలనీ:
నా సంగతి చెప్తాను. నాకు ముందు కాగితం మీద రాసుకుంటేనే మాట కదులుతుంది, పైగా తెలుగు టైపింగ్ నెమ్మది. రఫ్ పేపర్ వాడొచ్చని రూల్స్‌లో ఉంది కూడా. అయినా కిందికి చూసిన ప్రతిసారీ ఫ్లాగ్, రాసింది పెదాలతో చదువుకుంటే ఇంకో ఫ్లాగ్. మూడు వారాలు రిజల్ట్ ఆపేశారు. ఆ టెన్షన్‌లో అన్నం సయించలేదు.

గాజువాక:
మీకు జరిగింది అన్యాయం. ఫ్లాగ్ అంటే వీడియోలో ఆ నిమిషం దగ్గర ఓసారి చూడమని గుర్తు, అంతే. దాన్నే నేరం కింద లెక్కేస్తే ఇలాగే ఉంటుంది.

నాకు కాస్త పనికొచ్చింది కీస్ట్రోక్ లాగ్, అంటే ఏ క్షణాన ఏ మీట నొక్కారన్న రికార్డు. గంట పరీక్ష, ఆర్కే బీచ్ కోత మీద వ్యాసం. ఒకబ్బాయి వీడియో శుభ్రంగా ఉంది, ఒక్క ఫ్లాగ్ లేదు. లాగ్ చూస్తే మొదటి 12 నిమిషాల్లో ఒకే వాక్యం, ఆ తర్వాత 25 నిమిషాల్లో 380 పదాలు, ఒకే వేగం. ఆలోచిస్తూ రాసేవాడు వాక్యం చివర ఆగుతాడు, సగం వాక్యం కొట్టేస్తాడు, మూడో పేరాలో ఉండగా వెనక్కెళ్లి మొదటి పేరా మారుస్తాడు. ఇతను ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదు, బ్యాక్‌స్పేస్ అంతా అక్షర దోషాలకే. పిలిచి అడిగాం: పోర్టు దగ్గర తవ్విన ఇసుక తెచ్చి బీచ్‌లో పోసినా నిలవదని రాశావు, ఎందుకు నిలవదు బాబూ? తను అలా రాసినట్టే గుర్తులేదు.

అదే రోజు అచ్చం అలాంటి లాగే ఇంకో అమ్మాయిదీ వచ్చింది. ఆ అమ్మాయి బ్యాగులోంచి కాగితం తీసింది, నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఇరికించిన వాక్యాలు. ఇసుక ఎందుకు కొట్టుకుపోతుందో మేం అడక్కుండానే చెప్పుకుపోయింది. లాగ్ ఒకటే, మనుషులు వేరు. ఎక్కణ్ణుంచో చూసి టైపు చేశారనే వరకే లాగ్ చెప్తుంది, ఆ చూసింది ఎవరు రాసిందో చెప్పదు.

సీతమ్మధార:
సరే, ఒప్పుకుంటాను. మరి ఇంట్లో బట్టీ పట్టుకొచ్చి గుర్తు చేసుకుంటూ రాసేవాడిని ఏం చేస్తారు?

గాజువాక:
వాణ్ణి ఏ కెమెరా పట్టదు, హాల్లో కూర్చోబెట్టినా అంతే. ప్రశ్నలోనే ఏదో ఒకటి కొత్తగా ఇవ్వాలి, అప్పటికప్పుడు చదివి జవాబు చెప్పాల్సిన ఒక ఉత్తరమో, ఒక ఫొటోనో. బట్టీ పట్టిన వ్యాసంలో దాని ఊసు రెండు లైన్లకి మించి ఉండదు.

మద్దిలపాలెం లెక్చరర్:
పిలిచి అడగడం నాకు నచ్చింది, కానీ నా దగ్గర 120 మంది ఉన్నారు. తలా పది నిమిషాలంటే 20 గంటలు. అనుమానం వచ్చినవాళ్లనే పిలిస్తే?

ఎంవీపీ కాలనీ:
అప్పుడు ప్రతిసారీ నన్నే పిలుస్తారు సార్. చీటీలు తీసి పిలవండి, కనీసం అందరితో పాటు వస్తాను.

గాజువాక:
చీటీలు తీస్తే ఆ బీచ్ అబ్బాయి తప్పించుకునేవాడు. రెండూ కలపాలేమో. ఎంతమందిని అనేది మాత్రం నాకూ ఇంకా తేలలేదు.