అప్‌డేట్: ఇసుక నేలలో స్ట్రిప్ ఫుటింగ్, నీటి మట్టం సవరణ తేడా తేలింది

నా పాత ప్రశ్న: "1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఫుటింగ్, φ 35°, అడుగుకి 0.6 మీటర్ల కింద నీళ్లు. అల్టిమేట్ బేరింగ్ కెపాసిటీ నాకు 1318 kPa వస్తే సాయిల్ రిపోర్టులో 1121 ఉంది, ఎందుకు?"

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. సవరణ రెండుసార్లు పడి ఉంటుందన్న మాటే నిజమైంది. సూత్రం ఇద్దరిదీ ఒకటే, c = 0 కాబట్టి:

```
qu = q·Nq + 0.5·γ·B·Nγ
Nq = 41.4, Nγ = 42.4
```

నేల γ 18 కాబట్టి మొదటి భాగం 18 × 1.2 × 41.4 = 894, నీళ్లు అడుగుకి కింద ఉన్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. రెండో దాంట్లో రిపోర్టు రాసినవాళ్లు మునిగిన బరువు 10.19 వేసి, మళ్లీ నీటి మట్టం సవరణ 0.7 తో గుణించారు. ఏదో ఒకటే చేయాలి: 18 ని 0.7 తో గుణిస్తే మొత్తం 1295, నాలాగా సగటు γ 13.31 తీసుకుంటే 1318. ఈ చిన్న తేడాకి టెన్షన్ అక్కర్లేదు.

కొందరు అన్న లోకల్ షియర్ అనుమానం మాత్రం ఇక్కడ వర్తించలేదు, ఇసుక గట్టిగానే ఉంది.

అసలు విషయం జియోటెక్ ఇంజినీరు గారు సైట్ పక్క బావి చూసి చెప్పారు: వానాకాలంలో నీళ్లు నేలమట్టం దాకా వస్తాయి, బోరు వేసింది ఎండాకాలంలో. అప్పుడు q కూడా 12.2 కి పడిపోతుంది, మొత్తం 506 + 324 = 830. డిజైన్ దీనిమీదే చేశాం, సెటిల్‌మెంట్ విడిగా చూసుకుని.