తెలుగు ఆడియో పుస్తకానికి ధర పదానికా, గంటకా?

గోదావరి గొంతు (ప్రశ్న)
పదేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నాను. ఒక చిన్న ప్రచురణ సంస్థ 40,000 పదాల నవలను ఇంట్లోనే చదివి రికార్డు చేసి ఇమ్మని అడిగింది. పదానికి 50 పైసల చొప్పున మొత్తం రూ. 20,000 ఇస్తారట. తమ ఇంగ్లిష్ పుస్తకాలకూ ఇదే ధర అన్నారు. సామగ్రికి రూ. 10,000 మించి పెట్టలేను. ఈ లెక్కకు ఒప్పుకోవచ్చా?

పాత మైకు
ఈ లెక్కకు మాత్రం ఒప్పుకోవద్దమ్మా. ఇంగ్లిష్ పదం చిన్నది, మన పదం పొడవైనది. ‘ఇంట్లోవాళ్లకు’ అన్న ఒక్క మాటను ఇంగ్లిష్‌లో చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. ఇంగ్లిష్ పుస్తకం చదివేవారు గంటకు సుమారు 9,300 పదాలు చదువుతారు. నేను తెలుగు నవల చదివితే నిమిషానికి 95 పదాలు దాటవు, అంటే గంటకు 5,700. మీ 40,000 పదాలు ఇంగ్లిష్‌లో నాలుగుంపావు గంటలైతే తెలుగులో ఏడు గంటలు. అదే ఇరవై వేలకు ఇంగ్లిష్ పుస్తకం చదివి రికార్డు చేసేవారికి గంటకు రూ. 4,650 పడితే మీకు రూ. 2,857 పడుతుంది. పేరుకు ఒకే ధర, పని మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే.

ఇంకొకటి. మనకు పదాల మధ్య ఖాళీ ఎక్కడ వదలాలన్నది రచయిత అలవాటును బట్టి ఉంటుంది. ఒకరు ‘చేయవలసి వచ్చింది’ అని రాస్తారు, మరొకరు ‘చేయవలసివచ్చింది’ అని కలిపేస్తారు. కంప్యూటర్ మొదటిదాన్ని రెండుగా, రెండోదాన్ని ఒకటిగా లెక్కిస్తుంది. నోటికి మాత్రం రెండూ ఒకటే శ్రమ. ‘1984’ అని అచ్చయితే ఒక పదం, చదివితే ‘పంతొమ్మిది వందల ఎనభై నాలుగు’. అందుకే శ్రోత చెవికి చేరే తుది ఆడియో గంటకు ఇంత అని అడగండి.

పుస్తకాల అంగడి
నేను ప్రచురణ వైపు మనిషిని. పదం లెక్కలో మోసమేమీ లేదు. ఖర్చు ఎంతో మాకు ముందే తెలియాలి. గంటల లెక్కన ఒప్పుకుంటే నెమ్మదిగా చదివినవారికి ఎక్కువ, చురుగ్గా చదివినవారికి తక్కువ ఇవ్వాలి. అది న్యాయమా? ఒకరు ఆరు గంటల పుస్తకాన్ని తొమ్మిది గంటలు సాగదీసి బిల్లు పంపారు. వాక్యం వాక్యానికీ మధ్య నిశ్శబ్దమే గంట ఉంది.

పాత మైకు
మీ భయం నిజమైనదే, కాదనను. దానికి మందు ఉంది. ముందుగా పది పేజీలు చదివించి నమూనా వినండి. ఆ వేగం ఇద్దరికీ నచ్చితే దాని మీద మొత్తం గంటలు అంచనా వేసి, ఇంతకు మించితే డబ్బు లేదని పైహద్దు రాసుకోండి. అప్పుడు సాగదీసి లాభం లేదు, మీ ఖర్చూ ముందే తెలుస్తుంది.

ముప్పై సెకన్లు
నేను ప్రకటనలకు గొంతు ఇస్తాను. పదమూ గంటా రెండూ వదిలేయండి, ఎంతకాలం, ఎక్కడ వాడతారో రాయించుకోండి. ఒక దుకాణం రేడియో ప్రకటన అని చెప్పి రూ. 3,000 ఇచ్చింది. తర్వాత అదే గొంతును రెండేళ్లు ఇంటర్నెట్‌లోనూ ఊరేగింపు వాహనాల్లోనూ వినిపించింది. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి అడగలేకపోయాను.

పాత మైకు
పుస్తకం సంగతి వేరు. ప్రకటనలో డబ్బు వాడుక కాలానికి, పుస్తకంలో చదివిన శ్రమకు. అయినా ఈ రికార్డింగును మరే పనికీ వాడరాదన్న ఒక్క వాక్యం రాయించుకోవడం మంచిదే.

సరంజామా
సామగ్రి గురించి ఎవరూ చెప్పలేదు. మంచి కండెన్సర్ మైకు కొనండి, గొంతులోని ప్రతి సన్నని ఛాయా వినిపిస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే గది స్టూడియో అయిపోతుంది.

పాత మైకు
మైకు గురించి మీరు చెప్పింది సగం నిజం. కండెన్సర్ గొంతుతోపాటు ఫ్యాను, పక్కింటి మిక్సీ, వీధిలో ఆటోనూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. మామూలు ఇంటికి యూఎస్‌బీ డైనమిక్ మైకు మేలు. నేను రూ. 5,000 లోపే కొన్నాను, స్టాండుకూ గాలిని ఆపే తెరకూ మరో వెయ్యి. గుడ్ల అట్టలు పలుచన, వాటితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చోండి, వెనక రెండు బొంతలు వేలాడదీయండి. గదిలోని ప్రతిధ్వని తగ్గుతుంది. బయటి చప్పుడును బొంత ఆపలేదు, దానికి తెల్లవారుజామే మార్గం.

మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికేటప్పుడు వచ్చే గాలి నేరుగా తగిలితే ‘ధబ్’మంటుంది. తర్వాత ముప్పై సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సగటు శబ్దాన్ని చూపే `Measure RMS` తో కొలవండి. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ నియమం ప్రకారం ఆ నిశ్శబ్దం -60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలి, చదివిన భాగం సగటు -23కూ -18కీ మధ్య. ముందు గొంతును ఈ సగటుకు తెచ్చాకే నిశ్శబ్దాన్ని కొలవాలి, లేకపోతే తక్కువ శబ్దంతో రికార్డు చేసి గది బాగుందని భ్రమపడతారు.

సరంజామా
అంత తంటా ఎందుకు? చప్పుడు ఉంటే సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చు కదా.

పాత మైకు
కొద్దిగా అయితే సరే. గట్టిగా తీస్తే తెలుగుకు ప్రత్యేకమైన దెబ్బ తగులుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి ‘ఉ’, ‘ఇ’ చాలా మెత్తగా వస్తాయి. యంత్రం వాటిని చప్పుడనుకుని కత్తిరిస్తుంది. ‘రాముడు’ కాస్తా ‘రాముడ్’ అవుతుంది. శుద్ధి చేశాక వాక్యాల చివరి మాటలు ఒక్కసారి హెడ్‌ఫోన్‌తో వినండి, అక్కడే దొరికిపోతుంది.

గోదావరి గొంతు
వారం తర్వాత రాస్తున్నాను. మొదటి రోజు నిశ్శబ్దం -52 వచ్చింది. ఎక్కడి చప్పుడో అర్థం కాలేదు, చెవికి గది ప్రశాంతంగానే ఉంది. గోడ అవతల ఫ్రిజ్ ఉందని తర్వాత గుర్తొచ్చింది. వెనక గదికి మారి, ఉదయం అయిదింటికి ఫ్యాను ఆపి చదివితే -61 వచ్చింది.

పది పేజీల్లో 2,310 పదాలు. శుద్ధి చేశాక దాదాపు 24 నిమిషాల ఆడియో అయింది. చదవడం, తప్పులు మళ్లీ చదవడం, కత్తిరించడం, మొదటి నుంచి వినడం అన్నీ కలిపి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఈ లెక్కన పుస్తకం ఏడు గంటలకు కాస్త తక్కువ, నా పని సుమారు 37 గంటలన్నర. తుది గంటకు రూ. 3,500 అడిగాను. రూ. 3,200కు, ఏడున్నర గంటల పైహద్దుతో ఒప్పుకున్నారు. అయితే అచ్చయ్యే ముందు రచయిత వాక్యాలు మారిస్తే ఆ భాగాలు ఉచితంగా మళ్లీ చదవాలంటున్నారు.

పాత మైకు
మీరు తప్పు చదివితే ఉచితం. వాళ్లు మార్చుకుంటే నిమిషాల చొప్పున డబ్బు. దీని మీద వెనక్కి తగ్గవద్దు.

పుస్తకాల అంగడి
నాలుగైదు వాక్యాలకు కూడా బిల్లు వేస్తే ఎవరూ రెండో పుస్తకం ఇవ్వరు. అధ్యాయానికి ఇన్ని వాక్యాల వరకు ఉచితం అని రాసుకుంటే సరిపోతుంది.

పాత మైకు
నేను ఒప్పుకోను. నెల తర్వాత అదే గది, అదే గొంతు మళ్లీ తేవాలి. జలుబు చేసిన రోజు చదివిన ఒక్క వాక్యం అధ్యాయం మధ్యలో అతుకులా వినిపిస్తుంది, దాన్ని కలపడానికే గంట పడుతుంది.