అడుగు 3,600 ఫ్లాటు చవకా, 3,900 ఫ్లాటు చవకా?

బరంపురం అల్లుడు: అంబపువా వైపు రెండు ఫ్లాట్లు చూశాం, రెండూ ఇంకా కడుతున్నారు. మొదటిది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిపి, 1,250 చదరపు అడుగులు, రేటు 3,600. రెండోది 1,120, రేటు 3,900. మామగారు మొదటిదే చవకంటున్నారు. లోపల తిరిగితే నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ సూపర్ బిల్టప్ లెక్కా, మోసమా?

పర్లాకిమిడి పంతులు: మోసమే బాబూ. బిల్డర్ల అమ్మకాలకు పెట్టిన రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా మీదే అమ్మాలి. కార్పెట్ అంటే గోడలు పోగా చాప పరుచుకునేంత చోటు. దానికే డబ్బు కట్టు.

కొలతల మనిషి: పంతులుగారూ, సగం నిజం. బ్యాంకుల తరఫున ఫ్లాట్లు కొలవడం నా పని కాబట్టి చెప్తున్నాను. రెరా కార్పెట్‌లో గదుల మధ్య గోడలు కలుస్తాయి. బయటి గోడలు, పైపుల డక్టులు, మన ఒక్కరికే ఉన్న బాల్కనీ కలవవు. అందుకే చాప పరిచి కొలిస్తే రెరా అంకె కన్నా తక్కువే వస్తుంది, దాన్ని మోసమనకూడదు. ఇంకోటి, 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కడితే రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మన ఊళ్లో చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు అలాంటివే. అల్లుడుగారూ, మీ రెండింటి కార్పెట్ ఎంత? పార్కింగ్ విడిగా ఎంత?

బరంపురం అల్లుడు: ఫోన్ చేసి అడిగాను. మొదటివాళ్లు రెండుసార్లు మాట దాటేసి, చివరికి 830 అన్నారు. పార్కింగ్, కరెంటు కనెక్షన్ కలిపి ఇంకో 3 లక్షలు. రెండోవాళ్లది 840, పార్కింగ్ అందులోనే.

కొలతల మనిషి: అయితే మామగారికి ఈ లెక్క చూపించండి. మొదటిది 45 లక్షలు, పైన 3, మొత్తం 48. రెండోది 43 లక్షల 68 వేలు. జీఎస్టీ ఇక్కడే దెబ్బ కొడుతుంది. బరంపురం మెట్రో కాదు కాబట్టి, కార్పెట్ 90 చదరపు మీటర్లు, అంటే దాదాపు 968 అడుగులు దాటకుండా, మొత్తం 45 లక్షలు మించకుండా ఉంటే పన్ను ఒక శాతమే. మించితే 5. ఆ 45 లక్షల్లో పార్కింగ్ డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి మొదటిదానికి పన్ను 2 లక్షల 40 వేలు, రెండోదానికి 43,680. అన్నీ కలిపి కార్పెట్‌తో భాగిస్తే మొదటిది అడుగు 6,072, రెండోది 5,252. చవకగా కనబడ్డదే ఖరీదు. స్టాంపు డ్యూటీ ఇందులో కలపలేదు.

మేం కట్టేవాళ్లం: ఒక మాట అంటాను, కోప్పడకండి. లిఫ్టు, మెట్లు, కారిడార్ గాలిలోంచి రావు. మొదటి బిల్డింగుకి రెండు లిఫ్టులు, వెడల్పు లాబీ ఉంటే? ఆ చోటు కట్టడానికీ సిమెంటు పోస్తాం. దాని ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలిగా.

కొలతల మనిషి: పెట్టుకోవాలి, కాదనను. కానీ సూపర్ బిల్టప్‌లో ఏమేం కలిపారో కాగితం మీద రాసివ్వమంటే ఎంతమంది ఇస్తారు? కార్పెట్‌కి చట్టంలో అర్థం ఉంది. దీనికి కట్టినవాడు చెప్పిందే అర్థం.

రాయగడ అక్క: మా విశాఖ ఫ్లాటులో నెలనెలా మెయింటెనెన్స్ కూడా సూపర్ బిల్టప్ మీదే వసూలు చేస్తున్నారు తమ్ముడూ. పెద్ద ఫ్లాటువాళ్లు లిఫ్టు ఎక్కువసార్లు ఎక్కుతారా? అదీ మార్పించొచ్చా?

పర్లాకిమిడి పంతులు: అమ్మా, అది వేరే తగువు, ఇక్కడ తేలదు. మీ అసోసియేషన్ మీటింగులో పెట్టండి.

బరంపురం అల్లుడు: మామగారు లెక్క చూసి రెండుసార్లు భాగహారం చేశారు. ఇప్పుడు ఆదివారం టేపు పట్టుకుని వెళ్దామంటున్నారు. ఏం చూడాలి?

కొలతల మనిషి: ప్లాస్టరింగ్ అయిందో లేదో ముందు చూడండి. ప్లానులో 12 అడుగుల గది ఇటుక నుంచి ఇటుకకి కొలిచిందైతే, రెండు వైపులా పూత పడ్డాక అంగుళమైనా తగ్గుతుంది. బాల్కనీని విడిగా కొలిచి 840లో కలిపేశారేమో చూడండి. ఎక్కువగా అదే జరుగుతుంది. రిజిస్టరైన ప్రాజెక్టయితే ఒడిశా రెరా వెబ్‌సైట్‌లో కార్పెట్ ఒకటి, బాల్కనీ ఒకటి విడివిడిగా ఉంటాయి. ఆ అంకె, అగ్రిమెంటు అంకె ఒకటే కావాలి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు పది శాతానికి మించి ఇవ్వకండి.

మేం కట్టేవాళ్లం: బాల్కనీకి అద్దాలు పెట్టి గదిలో కలిపేసుకునేవాళ్లు సగం మంది. వాడుకుంటారు గానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి కార్పెట్ కాదంటారు.

బరంపురం అల్లుడు: రెండోదాని బాల్కనీ 60 అడుగులట, ఆ 840లో ఉందో లేదో సేల్స్ అబ్బాయికే తెలీదు. ఉంటే కార్పెట్ 780. అప్పుడు అడుగు 5,656 పడుతుంది. ఆదివారం కొలిచాక చెప్తాను.